సప్లీ రిజల్ట్ రాకముందే హెచ్ఆర్ పీసీ అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: "అనంతపురం దగ్గర కాలేజీలో బీటెక్ మెకానికల్, జేఎన్‌టీయూఏ. 4-2 ప్రాజెక్ట్ వైవా కూడా అయిపోయింది. కానీ 3-2లో ఒక సబ్జెక్టు ఉండిపోయింది, సప్లీ వచ్చే నెల. ఒక కంపెనీ హెచ్ఆర్ ఫోన్ చేసి షార్ట్‌లిస్ట్ అయ్యావు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ అంటే పీసీ, అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో అంటే సీఎంఎం పంపు అన్నారు. రిజల్ట్ వచ్చేదాకా నా అప్లికేషన్ పెట్టుకోమని అడిగితే తీసేస్తారా? సప్లీ సంగతి చెప్పాలా, వద్దా? హెచ్ఆర్‌లో ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా చెప్పండి."

సమాధానం:

సప్లీ సంగతి చెప్పండి, అదీ ఇంటర్వ్యూకు ముందే చెప్పండి. అడగడం కూడా అడగండి. ఐతే "నా అప్లికేషన్ పెట్టుకోండి" అని మాత్రం అడగొద్దు. "ఇంటర్వ్యూ ఇప్పుడే పెట్టండి, సెలెక్టయితే పాసవ్వాలనే షరతు మీదే ఆఫర్ ఇవ్వండి, జాయినింగ్ రిజల్ట్ తర్వాతి తేదీకి పెట్టండి" అని అడగండి. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ మా టేబుల్ మీదకు వచ్చేసరికి రెండూ పూర్తిగా వేరు.

నేను అనంతపురం మనిషినే. బెంగళూరులో కొన్నేళ్లు రిక్రూట్‌మెంట్ చేసి, ఇప్పుడు హిందూపురం వైపు ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో హెచ్ఆర్ చూస్తున్నాను. ట్రైనీ ఇంజనీర్లను తీసుకునే సీజన్ వచ్చిందంటే మీ ప్రశ్న మాకు రోజూ వస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు మా వైపు ఏం జరుగుతుందో తెలుసుకోండి. ప్రొడక్షన్ మేనేజర్ "నాకు ఇంతమంది ట్రైనీలు కావాలి, ఫలానా తేదీకి లైన్ మీద ఉండాలి" అని రాసి పంపుతాడు. దానికి పై నుంచి అప్రూవల్ వచ్చాక సాఫ్ట్‌వేర్‌లో ఒక నంబరు పుడుతుంది. ఆ నంబరు కింద ఖాళీలు నిండాయా, ఎన్ని రోజుల్లో నిండాయి అనేదే రిక్రూటర్ పనితనానికి కొలత. మీ పేరు ఆ నంబరు కింద ఏదో ఒక గడిలో ఉంటుంది: అప్లై చేశాడు, ఫోన్ మాట్లాడాం, ఇంటర్వ్యూ, ఆఫర్, జాయినింగ్. వీటి పక్కనే "హోల్డ్" అని ఇంకో గడి ఉంటుంది.

మీరు "రిజల్ట్ వచ్చేదాకా పెట్టుకోండి సార్" అంటే రిక్రూటర్ నవ్వుతూనే "సరే" అంటాడు. ఆ మాట అనడానికి ఆయనకేం ఖర్చు లేదు. మీ పేరు హోల్డ్ గడిలోకి పోతుంది. ఆ తర్వాత మూడు వారాల్లో మిగతావాళ్లతో ఖాళీలన్నీ నిండిపోతాయి, నంబరు మూసేస్తారు. ఆ నంబరుతో పాటే హోల్డ్‌లో ఉన్నవాళ్ల ఫైలు కూడా మూతపడుతుంది. ఆయన మోసం చేసినట్టు కాదు, మీ అప్లికేషన్ "ఓపెన్"గానే ఉండింది. ఖాళీయే లేకుండా పోయింది.

అందుకే ఆపమనాల్సింది ఒక్క కాగితాన్నే. ఇంటర్వ్యూ ఆపక్కర్లేదు, ప్యానెల్ నిర్ణయం ఆపక్కర్లేదు, జీతం మాటలు ఆపక్కర్లేదు. ప్యానెల్ మిమ్మల్ని చూసి "ఈ అబ్బాయి కావాలి" అన్న తర్వాత మీ కోసం రెండు వారాలు ఆగమని మేనేజర్‌ను ఒప్పించడం మాకు చేతనవుతుంది. ప్యానెల్ ముఖమైనా చూడని మనిషి కోసం ఆగమని మేం ఎవరినీ అడగలేం.

రిక్రూటర్ మనసులో ఉండే లెక్క

పైకి "పీసీ ఎప్పుడొస్తుంది?" అనే అడుగుతారు. లోపల తేల్చుకోవాల్సినవి మూడు ఉంటాయి. రిజల్ట్ ఏ తేదీకి వస్తుంది, ఆ తేదీ ఎంత నమ్మకం? ఈ పిల్లాడు పాసయ్యే అవకాశం ఎంత? ఆలస్యమైనా, ఫెయిలైనా నాకు ఎంత నష్టం? మీ మాటలో ఈ మూడింటికీ జవాబు ఉండాలి. "త్వరలో వచ్చేస్తాయి సార్, మా యూనివర్సిటీ లేట్ చేస్తాంది" అనే మాటలో ఒక్కదానికీ జవాబు లేదు. సీజన్‌లో ఈ వాక్యం ఎంతమంది నోట వింటామో చెప్పలేను.

తేదీ అనేది గాలిలోంచి తీయొద్దు. ఇలా కట్టండి. మీ సప్లీ టైమ్ టేబుల్ తీసుకొని మీ సబ్జెక్టు తేదీ కాకుండా ఆ పరీక్షల్లో ఆఖరి పేపరు తేదీ చూడండి. మీ పేపరు మొదటి రోజే అయిపోయినా, రిజల్ట్ అందరిదీ కలిపే వేస్తారు కదా. తర్వాత యూనివర్సిటీ సైట్‌లో పాత సప్లీల రిజల్ట్ ఏ రోజు పెట్టారో చూడండి. సీనియర్లనో, కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో క్లర్కునో అడిగినా చెబుతారు. ఆఖరి పేపరు నుంచి రిజల్ట్‌కు ఎన్ని రోజులు పట్టిందో గత మూడు సార్లవి రాసుకోండి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ పట్టినదాన్నే తీసుకోండి, సగటు వద్దు. దానికి ఇంకో మూడు నాలుగు రోజులు కలిపి ఆ తేదీ చెప్పండి. ముందే వస్తే మీకు మంచిదే. చెప్పిన తేదీ దాటితే మాత్రం రెండోసారి మీరు చెప్పే తేదీని ఎవరూ నమ్మరు.

రీవాల్యుయేషన్ మీద ఆశ పెట్టుకుని తేదీ చెప్పకండి. రీవాల్యుయేషన్‌కు అప్లై చేసే గడువు, దిద్దేది, మళ్లీ రిజల్ట్ వేసేది అంతా వేరే వరస. దాని మీద ఆధారపడే పరిస్థితి వస్తే అప్పుడు విడిగా ఇంకో మెయిల్ రాయండి.

ఇంకొకటి, "రిజల్ట్" వేరు, "కాగితం" వేరు. సైట్‌లో పాస్ అని కనపడిన రోజుకూ, మార్కుల మెమో కాలేజీకి వచ్చే రోజుకూ, పీసీ, సీఎంఎం చేతికందే రోజుకూ చాలా ఎడం ఉంటుంది. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ సంగతైతే చెప్పనక్కర్లేదు, దాని కోసం ప్రైవేటు కంపెనీలు మామూలుగా జాయినింగ్ రోజున పట్టుబట్టవు. కాబట్టి రిక్రూటర్‌ను సూటిగా అడగండి: "జాయినింగ్‌కు ఆన్‌లైన్ రిజల్ట్ కాపీ, ప్రిన్సిపాల్ ఇచ్చే కోర్స్ కంప్లీషన్ లెటర్ సరిపోతాయా? పీసీ తర్వాత ఇవ్వొచ్చా?" చాలా చోట్ల సరిపోతాయి, పీసీకి జాయినయ్యాక గడువు ఇస్తారు. ఈ ఒక్క ప్రశ్నతో మీకు కొన్ని వారాలు కలిసొస్తాయి. మావాళ్లు "పీసీ, సీఎంఎం పంపు" అనేది చాలాసార్లు అలవాటుగా పంపే లిస్టే. ఆ లిస్టు అందరికీ ఒకటే పోతుంది. అవి లేకపోతే కుదరదని దాని అర్థం కాదు.

సప్లీ ఎందుకు దాచకూడదు

మీలాంటివాళ్లలో రెండు రకాలు ఉంటారు. అన్ని పేపర్లూ రాసి, ఏదీ ఫెయిలవ్వకుండా, ఆఖరి సెమిస్టర్ రిజల్ట్ కోసం మాత్రమే ఎదురుచూసేవాళ్లు ఒక రకం. వాళ్ల విషయంలో రిక్రూటర్‌కు పెద్ద దిగులు ఉండదు. సబ్జెక్టు ఉండిపోయి సప్లీ రాయబోయేవాళ్లు రెండో రకం. "రిజల్ట్స్ అవేటెడ్" అని ఇద్దరూ రాస్తారు, కానీ ఇద్దరి రిస్కూ ఒకటి కాదు. మీరు రెండో రకం అయ్యుండి మొదటి రకంలా మాట్లాడితే, సెమిస్టర్ల వారీ మార్కులు అడిగిన రోజున బయటపడుతుంది. ఎప్పుడైనా అడుగుతారు. జాయినయ్యాక వెరిఫికేషన్ ఏజెన్సీవాళ్లు యూనివర్సిటీతో సరిచూసేటప్పుడు పాసైన నెల, సంవత్సరం కూడా చూస్తారు. అక్కడ తేడా వస్తే ఒక సబ్జెక్టు ఫెయిల్ అన్నది చిన్న విషయమైపోతుంది, అబద్ధం చెప్పాడన్నది ఫైలులో మిగులుతుంది.

ఆన్‌లైన్ ఫారంలో "డిగ్రీ పూర్తయిందా?" అని ఉంటే "అవును" నొక్కొద్దు. "పాసయ్యే నెల" అనే గడి ఉంటే సప్లీ రిజల్ట్ వచ్చే నెల వేయండి. ఏ ఆప్షనూ సరిపడకపోతే, ఫారం పంపిన వెంటనే రిక్రూటర్‌కు ఒక లైను మెయిల్ పెట్టండి. ఆ లైను తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. కొన్ని కంపెనీలు ప్రకటనలోనే "యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు" అని పెడతాయి. అక్కడ రిక్రూటర్‌కు మనసున్నా చేతిలో ఏమీ ఉండదు, సాఫ్ట్‌వేరే తీసేస్తుంది. మీకు ఫోన్ వచ్చిందంటే ఒకటి, ఆ షరతు లేకపోయుండాలి, లేదంటే మీ బ్యాక్‌లాగ్ ఇంకా వాళ్ల కంట పడకపోయుండాలి. ఏదో తెలుసుకోవడానికి ప్రకటన మళ్లీ ఒకసారి చదవండి.

ఒక అమ్మాయి కేసు

ప్రొద్దుటూరు వైపు కాలేజీ, ఈసీఈ. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఒక్కటే ఉండిపోయింది. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ ట్రైనీ పోస్టుకు అప్లై చేసింది. అప్పుడు నేను ఆ రిక్రూట్‌మెంట్ చూస్తున్నాను. జూన్ 20న ఇంటర్వ్యూలు, ఆగస్టు 1న బ్యాచ్ జాయినింగ్. ఫోన్‌లోనే చెప్పింది: "మేడమ్, ఒక సబ్జెక్టు సప్లీ ఉంది, జూలై 6న పరీక్షలు అయిపోతాయి. పోయిన మూడు సార్లు ఆఖరి పేపరు తర్వాత 28, 35, 41 రోజులకు రిజల్ట్ వచ్చింది. కాబట్టి ఆగస్టు 16 లోపల రావాలి, నేను మాత్రం 20 అనుకుంటున్నా" అని.

ఆ మాట వినగానే నా పని సగం తగ్గింది. ఆగస్టు 1 బ్యాచ్‌కు అందదని ఆ అమ్మాయే చెప్పేసింది, నేను లెక్క వేసుకోవాల్సిన పని లేదు. "మరి ఏం చేద్దాం?" అంటే దానికీ సిద్ధంగా ఉంది. ఒకటి, తర్వాతి బ్యాచ్ ఎప్పుడైనా ఉంటే అందులో జాయినవుతాను. రెండు, ఆగస్టు 1నే రమ్మంటే వస్తాను, నెలాఖరు లోపల పాస్ రిజల్ట్ చూపించకపోతే నన్ను తీసేయొచ్చని రాసిస్తాను. ఇంటర్వ్యూ మాత్రం 20నే పెట్టండి అంది.

ఇంటర్వ్యూ బాగా చేసింది. మా మేనేజర్‌కు రెండో దారి నచ్చలేదు, ట్రైనింగ్ ఇచ్చాక మధ్యలో పోతే డబ్బు దండగ అన్నాడు. అది న్యాయమే. సెప్టెంబరు 1న ఇంకో చిన్న బ్యాచ్ ఉంది, అందులో ఒక ఖాళీ ఆమె పేరు మీద పెట్టాం. ఆఫర్ లెటర్‌లో "ఆగస్టు 25 లోపల డిగ్రీ పాసైనట్టు రుజువు ఇవ్వాలి, లేకపోతే ఈ ఆఫర్ చెల్లదు" అని ఒక వాక్యం చేర్చాం. పరీక్షలు అయిపోయిన రోజు ఒక మెయిల్ పెట్టింది, "రాశాను, బాగానే పోయింది" అని రెండు లైన్లు. ఆగస్టు 11న రిజల్ట్ వచ్చింది, ఆ సాయంత్రమే అదే మెయిల్ కింద హాల్ టికెట్ నంబరు కనపడేలా కాపీ పెట్టింది. పీసీ జాయినయ్యాక ఇచ్చింది.

అదే సీజన్‌లో కర్నూలు నుంచి ఇంకో అబ్బాయి. చదువులో ఆ అమ్మాయికన్నా మెరుగే, పర్సెంటేజీ ఎక్కువ. అతనికి సప్లీ కూడా లేదు, ఆఖరి సెమిస్టర్ రిజల్ట్ మాత్రమే రావాలి. "రిజల్ట్ వచ్చాక కాల్ చేస్తాను సార్, అప్పటిదాకా పెట్టుకోండి" అని నా కొలీగ్‌కు చెప్పి ఫోన్ పెట్టేశాడు. రిజల్ట్ వచ్చి అతను ఫోన్ చేసేసరికి రెండు బ్యాచ్‌లూ నిండిపోయాయి. ఇంటర్వ్యూకు వచ్చుంటే అతన్నే ముందు తీసుకునేవాళ్లం.

ఎలా రాయాలి

ముందు ఫోన్‌లో చెప్పండి, ఆ రోజే మెయిల్ పెట్టండి. మెయిల్ ఎందుకంటే, మీతో మాట్లాడిన రిక్రూటర్ కన్సల్టెన్సీ మనిషి అయ్యుండొచ్చు. కాంట్రాక్ట్ అయిపోయి వచ్చే నెల ఇంకొకరు రావచ్చు. ఫోన్‌లో అన్న మాట ఆయనతోనే పోతుంది, మెయిల్ ఫైలులో ఉంటుంది. కన్సల్టెన్సీ అయితే "ఈ విషయం కంపెనీ హెచ్ఆర్ దాకా చేరిందా?" అని కూడా అడగండి. ఆగాలా వద్దా అన్న నిర్ణయం కన్సల్టెన్సీ చేతిలో ఉండదు.

వాట్సాప్‌లో పేరాలు పంపొద్దు. వాయిస్ మెసేజ్ అసలే వద్దు, దయచేసి.

మెయిల్ మీరు ఇంగ్లీషులోనే రాస్తారు, సారం ఇలా ఉండాలి:

> నమస్కారం. ట్రైనీ ఇంజనీర్ పోస్టు గురించి ఈ రోజు ఫోన్‌లో మాట్లాడాం.
>
> నా బీటెక్‌లో ఒక సబ్జెక్టు మిగిలింది, మిగతావన్నీ పాసయ్యాను. దాని సప్లిమెంటరీ పరీక్ష ఫలానా తేదీన. పరీక్షలు ఫలానా తేదీతో ముగుస్తాయి. గత ఫలితాల తేదీలను బట్టి చూస్తే ఫలానా తేదీ లోపల రిజల్ట్ రావాలి.
>
> ఇంటర్వ్యూకు నేను ఇప్పుడే సిద్ధం. ఎంపికైతే, పాసవ్వాలనే షరతుతో ఆఫర్ ఇచ్చి, జాయినింగ్ ఫలానా తేదీ తర్వాత పెట్టగలరా? జాయినింగ్‌కు ఆన్‌లైన్ రిజల్ట్, కాలేజీ లెటర్ ఇస్తాను, పీసీ రాగానే అందజేస్తాను.
>
> టైమ్ టేబుల్, ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోలు జత చేశాను.

ఇంతే. మీ ఇంటి పరిస్థితి, ఆ పేపరు ఎందుకు పోయింది, దిద్దినవాళ్లు ఎలా దిద్దారు, ఇవేవీ ఇందులో వద్దు. అడిగితే ఇంటర్వ్యూలో ఒక వాక్యంలో చెప్పండి. టైమ్ టేబుల్ జతచేయడం మాత్రం మరిచిపోకండి, తేదీలు మీరు ఊరికే చెప్పట్లేదని తెలిసేది దాన్నిబట్టే.

ఆ తర్వాత రెండే మెయిల్స్: పరీక్ష అయిపోయిన రోజు ఒకటి, రిజల్ట్ వచ్చిన రోజు ఒకటి. రెండూ అదే మెయిల్ కింద రిప్లైగానే పోవాలి, కొత్తది మొదలుపెడితే పాత మాట వెతుక్కోవాలి మేం. చెప్పిన తేదీకి రిజల్ట్ రాకపోతే, ఆ తేదీ దాటకముందే రాయండి, కొత్త తేదీతో సహా. వారం వారం "ఏమైనా అప్‌డేట్ ఉందా సార్" అని అడిగితే లాభం లేదు, అప్‌డేట్ ఇవ్వాల్సింది మీరు కదా.

కుదరదు అంటే

కొందరు కుదరదనే అంటారు. అప్పుడు వాదించకుండా ఒక్కటి అడగండి: "నన్ను రిజెక్ట్ అని కాకుండా, నేనే వెనక్కి తీసుకున్నట్టు నమోదు చేయగలరా?" చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో రిజెక్ట్ అయినవాళ్లు మళ్లీ అప్లై చేయడానికి కొన్ని నెలలు అడ్డం ఉంటుంది, ఆరు నెలలు మామూలు. వెనక్కి తీసుకున్నవాళ్లకు చాలా చోట్ల ఆ అడ్డం ఉండదు. పోర్టల్‌లో మీకే "విత్‌డ్రా" బటన్ ఉంటే, వాళ్లు రిజెక్ట్ నొక్కకముందే మీరే నొక్కొచ్చు. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడిగి రాసిపెట్టుకోండి.

షరతు మీద ఆఫర్ వస్తే, ఆ షరతు ఏ తేదీ అని రాశారో చూసుకోండి. మీరు చెప్పిన రిజల్ట్ తేదీకన్నా అది ముందుంటే సంతకానికి ముందే మార్పించుకోండి. ఫెయిలైతే ఆఫర్ మాత్రమే రద్దవుతుందా, ఇంకేమైనా కట్టాలా అన్నది కూడా చదవండి, ముఖ్యంగా బాండ్ ఉంటే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు. రిజల్ట్ వచ్చి జాయినయ్యేదాకా వేరే కంపెనీల ఇంటర్వ్యూలు మానేయాల్సిన పని కూడా లేదు, షరతు ఆఫర్ మీకెంత గట్టిదో వాళ్లకూ అంతే గట్టిది.

"మీ సీటు ఆపి పెడతాం, ఇంత కట్టండి" అని ఎవరైనా అంటే అది ఉద్యోగం కాదు, ఫోన్ పెట్టేయండి.

ఇదంతా ప్రైవేటు కంపెనీల సంగతి

గవర్నమెంటు, బ్యాంకు నోటిఫికేషన్లకు పై మాటలేవీ పనికిరావు. అక్కడ ఎవరినీ అడిగేది ఉండదు, నోటిఫికేషన్‌లో రాసిన కటాఫ్ తేదీ ఒక్కటే లెక్క. రిజల్ట్ ఆ తేదీ తర్వాత, ఇంటర్వ్యూకు ముందు వచ్చిందని వాదించినవాళ్ల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997లో అశోక్ కుమార్ శర్మ కేసులో కోర్టు తేల్చింది ఇదే: అర్హతను దరఖాస్తుకు ఇచ్చిన ఆఖరి తేదీకి చూడాలి, ఇంటర్వ్యూ తేదీకి కాదు. ఏపీపీఎస్సీలో ఐతే నోటిఫికేషన్ తేదీ నాటికే అర్హత ఉండాలని రాస్తారు, ఇంకా ముందన్నమాట. ఆఖరి సంవత్సరంవాళ్లు కూడా రాయొచ్చని నోటిఫికేషనే చెబితే అది వేరు. యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమ్స్‌కు డిగ్రీ పరీక్ష రాసి రిజల్ట్ కోసం చూస్తున్నవాళ్లనూ రానిస్తారు, రుజువు తర్వాత అడుగుతారు.

బ్యాంకు పరీక్షల్లో ఒక ఉపయోగపడే నియమం ఉంది. రిజల్ట్ యూనివర్సిటీ సైట్‌లో కటాఫ్‌కు ముందే వచ్చి, పీసీ మీద తేదీ కటాఫ్ తర్వాతది పడిందనుకోండి. రిజల్ట్ సైట్‌లో ఏ రోజు పెట్టారో తెలిపే లెటర్‌ను యూనివర్సిటీ అధికారి నుంచి తెచ్చుకుంటే, ఆ రోజునే పాసైన తేదీగా తీసుకుంటారు. మీకు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు, సైట్‌లో రిజల్ట్ వచ్చిన రోజు తేదీతో సహా కాపీ తీసి పెట్టుకోండి, ఏదో ఒక రోజు పనికొస్తుంది.

డిగ్రీ కాకుండా క్లౌడ్, టెస్టింగ్ లాంటి సర్టిఫికేషన్ కోసం ఆగమని అడిగేవాళ్లకు ఒక్క మాట. అక్కడ పరీక్ష తేదీ మీ చేతిలోనే ఉంటుంది, రిజల్ట్ కూడా అదే రోజో, కొద్ది రోజుల్లోనో వస్తుంది. కాబట్టి "చదువుతున్నా, రాస్తాను" అని చెబితే ఎవరూ ఆగరు. ముందు స్లాట్ బుక్ చేయండి, ఆ బుకింగ్ కన్ఫర్మేషన్ జత చేసి అప్పుడు అడగండి.

మీ విషయానికి వస్తే, రేపే ఆ హెచ్ఆర్‌కు ఫోన్ చేసి మొదట జాయినింగ్ తేదీ ఏదో కనుక్కోండి. మీ లెక్కలో రిజల్ట్ తేదీ దానికి ముందే పడుతుంటే అసలు సమస్యే లేదు, కాగితాలు ఏవి చాలో అడిగితే సరిపోతుంది. తర్వాత పడుతుంటే ఆ రెండు తేదీలూ, మీరు పంపబోయే మెయిలూ ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, కంపెనీ పేరు లేకుండా. చూసి చెబుతాను.